ఉదాహరణకు రాసిన మాట

ఊళ్ళోవాళ్ళ కథల్లో మొదటి పేజీలు కొట్టేస్తూ ఇరవై రెండేళ్ళుగా బతుకుతున్నాను. ఆఫీసులో నాకు కత్తెరమ్మ అని పేరు. ఎదురుగా ఎవరూ అనరు గానీ, డీటీపీ చేసే అమ్మాయి ఒకసారి ఫోనులో "కత్తెరమ్మ ఇంకా సీట్లోనే ఉంది, తర్వాత మాట్లాడతా" అంటుంటే విన్నాను. కోపం రాలేదు. పైగా కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఒప్పుకోవాల్సినవి ఇంకా పెద్దవి ఉన్నాయి కాబట్టి ముందు ఈ చిన్నది ఒప్పేసుకుంటున్నాను.

మాది చిన్న ప్రచురణ సంస్థ. మెట్లెక్కి రావలసిన రెండు గదులు, మూడు బల్లలు, ఎప్పుడూ ఏదో ఒకటి ఇరుక్కుపోయే ప్రింటరు. ఏడాదికోసారి కొత్త కథకుల సంకలనం ఒకటి వేస్తాం. వచ్చిన కథల్లోంచి పన్నెండు ఏరి, వాటిని రాసినవాళ్ళతో కూర్చుని బాగుచేయించడం నా పని. అచ్చుతప్పులు దిద్దడం వేరే పని, అది తర్వాత. నాది అంతకంటే ముందు మెట్టు. కథ ఎక్కడ మొదలవ్వాలి, ఎవరి కథ, ఎవరికి ఏం కావాలి, ఏ సీను ఎందుకుంది, ఇవన్నీ చూడాలి.

ఆ ఏడు వచ్చిన వాటిలో కళ్ళజోళ్ళాయన కథ ఒకటి. బస్టాండు వెనక వీధిలో కళ్ళజోళ్ళ దుకాణం ఆయనది. యాభై ఐదేళ్ళుంటాయి. అద్దాలు తనే అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. రాసిన మొదటి కథట. పద్నాలుగు పేజీలు, గీతల కాగితం మీద, ఒక్క కొట్టివేత లేకుండా.

కథ ఇది. మంచంలో ఉన్న తల్లిని పెద్ద కూతురు చూసుకుంటూ ఉంటుంది. చిన్న కూతురు వేరే ఊరినుంచి ఆదివారం బస్సులో వచ్చి, చూసి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతుంది. అంతే. మొదటి నాలుగు పేజీలు బస్సే. పొలాలు, మబ్బులు, కండక్టరు టోపీ, ఎదురు సీట్లో పిల్లాడి ముక్కు, మళ్ళీ పొలాలు. ఐదో పేజీ చివర ఆవిడ తలుపు కొట్టింది. అమ్మయ్య అనుకున్నాను. అక్క తలుపు తీసింది.

"బాగున్నావా?"

"బాగున్నాను. నువ్వు బాగున్నావా?"

"బాగున్నాను."

"అమ్మ ఎలా ఉంది?"

"అలాగే ఉంది."

"టీ తాగుతావా?"

"తాగుతాను."

ఇలా రెండు పేజీలు. టీలో చక్కెర సరిపోయిందా అన్న దాకా వెళ్ళింది. నిజజీవితంలో మనం ఇలాగే మాట్లాడుకుంటాం, నిజమే. కానీ నిజజీవితాన్ని చదవడానికి ఎవరూ పుస్తకం కొనరు.

పక్కన పడేసేదాన్నే. తొమ్మిదో పేజీ పట్టుకుంది. అందులో అక్క రోజూ పొద్దున్నే తల్లి కళ్ళజోడు తీసి, ఊది, చీర కొంగుతో తుడిచి, మళ్ళీ తల్లి ముక్కు మీద పెడుతుంది. తల్లి కళ్ళు తెరిచి నెలలైంది. "అయినా పెట్టింది, లేచాక వెతుక్కోకూడదని." అంతే రాశాడు. ఆ ఒక్క వాక్యానికి ఆ కథని సంకలనంలోకి తీసుకున్నాను.

ఈ పనిలో నన్ను పెట్టింది మా పాత ఎడిటరుగారు. ఇప్పుడు లేరు. ఆయన చెప్పిన సూత్రం ఒక్కటే. మార్జిన్లో ప్రశ్నలు రాయి, జవాబులు రాయకు. నువ్వు జవాబు రాసిన క్షణాన ఆ కథ వాళ్ళదీ కాదు, నీదీ కాదు. నేను ఆ మాట కొత్తగా చేరినవాళ్ళకి వందసార్లు చెప్పాను. చెప్పడం నాకు బాగా వచ్చు.

కళ్ళజోళ్ళాయనకి పద్ధతి ప్రకారమే ఉత్తరం రాశాను. బాగున్నది ముందు చెప్పాను. కళ్ళజోడు తుడవడం ఈ కథకి గుండెకాయ, దాన్ని ముట్టుకోవద్దన్నాను. తర్వాత అసలు సంగతి. మొదటి నాలుగు పేజీల్లో ఎవరికీ ఏమీ అక్కర్లేదు, కాబట్టి చదివేవాడికీ అక్కర్లేదు. కథ తలుపు దగ్గర మొదలవుతోంది, బస్సు తీసేయండి. ఇక మాటలు. తలుపు తీసినప్పుడు అక్కకి చెల్లెలి నుంచి ఏం కావాలి? అది అడగలేక ఇంకేం మాట్లాడుతుంది? చెల్లెలు ఏం దాచుకుంటోంది? చెల్లెలికి తెలియనిది అక్క నోట ఒక్కటైనా రావాలి కదా?

బస్సు గురించి మాత్రం ప్రశ్న అడగలేదు. తీసేయండి అన్నాను. కత్తెర చేతిలో ఉన్నవాళ్ళకి అడిగే ఓపిక ఎక్కడుంటుంది?

పది రోజులకి తిరగరాసి పంపాడు. బస్సు పూర్తిగా పోయింది. మాటల దగ్గరికొచ్చేసరికి తల పట్టుకున్నాను. నేను ఉప్పు లేదంటే ఆయన గుప్పెడు గుమ్మరించాడు. "అయ్యో చెల్లీ! నా బతుకు చూశావా! ఈ నాలుగు గోడల మధ్య కరిగిపోతున్నానే!" అని అక్క రొమ్ము బాదుకుంటోంది. చెల్లెలు పాదాల మీద పడుతోంది. పేజీకి పదకొండు ఆశ్చర్యార్థకాలు, లెక్కపెట్టాను. పక్క గదిలో తల్లి ఉలిక్కిపడి లేవనందుకే ఆశ్చర్యపోవాలి.

ఆ దశలో చేయాల్సింది ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడటం. మీ ఇంట్లో ఎవరు మంచాన పడ్డారు, ఎవరు చూసుకున్నారు, ఆ గదిలో నిజంగా ఎవరేమన్నారు అని మెల్లగా రాబట్టడం. ఒక మధ్యాహ్నం చాలు దానికి. కానీ డీటీపీకి ఇవ్వడానికి నాలుగు రోజులే ఉన్నాయి, ఇంకా ఐదు కథలు నా బల్ల మీద కూర్చుని నన్నే చూస్తున్నాయి. పెన్సిలు తీశాను. ఆ ఏడుపులన్నీ కొట్టేసి మార్జిన్లో రాశాను:

"ఉదాహరణకు ఇలా ఉండొచ్చు. అక్క కుళాయి తిప్పి, ఆ చప్పుడులో, గిన్నె కడుగుతూ అంటుంది: 'పొద్దున్నే లేచి ముందు అమ్మకి ఊపిరి ఆడుతోందా అని చూస్తానే. ఆడుతూ ఉంటే ఏడుపొస్తుంది.'"

ఒక్క నిమిషం పట్టలేదు. చేయి ఆగకుండా రాసేసింది. ఎందుకు ఆగుతుంది, కల్పించింది కాదుగా.

ఆ మాట మా అక్కది.

మా అమ్మ నాలుగేళ్ళు మంచాన ఉండి రెండేళ్ళ క్రితం పోయింది. అక్క దగ్గరే ఉంది. బావ రైళ్ళలో గార్డు, వారానికి నాలుగు రోజులు ఇంట్లో ఉండడు. అంటే ఎత్తడం, దించడం, తుడవడం, తినిపించడం, రాత్రి మూలిగితే లేవడం, అంతా అక్కే. నేను అదే ఊళ్ళో ఉండి, ఆదివారం ఆదివారం పళ్ళు పట్టుకుని వెళ్ళేదాన్ని. అమ్మ నమలలేదని తెలిసీ పళ్ళే తీసుకెళ్ళేదాన్ని. చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

అలాంటి ఒక ఆదివారం అక్క వంటింట్లో గిన్నెలు కడుగుతూ, కుళాయి పూర్తిగా తిప్పి, నావైపు తిరక్కుండానే ఆ మాట అంది. అని, "ఎవరితో అనకే" అంది. నేను ఏదో సర్దిచెప్పి వచ్చేశాను. ఐదేళ్ళలో ఎవరితోనూ అనలేదు. మా ఆయనతో కూడా అనలేదు. మార్జిన్లో రాశాను, అంతే.

కళ్ళజోళ్ళాయన ఉదాహరణని ఉదాహరణగా ఎందుకు తీసుకుంటాడు పాపం. అక్షరం మార్చకుండా కథలో పెట్టుకున్నాడు. ఆ ఒక్క మాట పడేసరికి కథ మొత్తం లేచి కూర్చుంది. మా ప్రచురణకర్తని అందరం పెద్దాయన అంటాం. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, బల్ల మీద పెట్టి, "ఎవరమ్మా ఈయన? ఈ మాట ఊరికే పుట్టదు" అన్నాడు. ఆ కథని సంకలనంలో మొదట పెట్టమన్నాడు. అంతటితో ఊరుకున్నాడా, ఆ వాక్యాన్ని వెనక అట్ట మీద పెద్దక్షరాల్లో వేయమన్నాడు.

కళ్ళజోళ్ళాయన ఫోను చేసి, "మేడమ్, మీ చలవ. షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాను" అన్నాడు. నేను "అంతా మీదేనండీ" అన్నాను. అంత చక్కని అబద్ధం ఆ నెలలో ఇంకోటి ఆడలేదు.

మీకొక సంగతి చెప్పాలి, ఇదే అసలు ముడి. మా పుస్తకాలన్నిటికీ ప్రూఫులు చూసేది మా అక్కే. అమ్మ మంచాన పడ్డ మొదటి ఏడాది, ఇంట్లోంచి కదలలేకుండా ఉంది కదా అని నేనే ఆ పని ఇప్పించాను. తెలుగులో ఒక ఒత్తు కూడా అక్క కళ్ళు దాటిపోదు. తప్పులకి ఎర్ర పెన్ను, అనుమానాలకి పెన్సిలు. మాట మార్చే హక్కు ప్రూఫురీడరుకి లేదు, అనుమానముంటే మార్జిన్లో ప్రశ్న గుర్తు వేసి "అడగండి" అని రాయాలి. అక్క ఆ హద్దు ఎన్నడూ దాటలేదు.

నాకు ఇదంతా గుర్తు రాలేదంటే మీరు నమ్ముతారా? గుర్తుంది. ఆ కథ ఒక్కటీ నేనే చూసుకుని మిగతా పదకొండూ అక్కకి పంపుదామనుకున్నాను. అది కూడా ఒక ఏర్పాటేనని, దొంగ చేసే ఏర్పాటని నాకు నేను చెప్పుకోలేదు. సోమవారం మధ్యాహ్నం డీటీపీ అమ్మాయిని అడిగాను, మొదటి కథ ప్రింటు నాకివ్వమని.

"మేడమ్, పొద్దున వస్తూ కట్ట మొత్తం అక్కగారింట్లో ఇచ్చేశాను. దారే కదా అని."

పాపం, ఎప్పుడూ పని ముందే చేసే పిల్ల. ఆ రోజు మాత్రం దాని చురుకుతనం మీద మన్ను పడ అనుకున్నాను.

అక్కకి ఫోను చేశాను. "అక్కా, మొదటి కథ చూడకు. అందులో మార్పులున్నాయి, మళ్ళీ పంపిస్తాను."

"చదివేశాను," అంది.

"ఎలా ఉంది?"

"గురువారానికి అన్నీ అవుతాయి. వచ్చి తీసుకెళ్ళు," అని పెట్టేసింది.

మూడు రోజులు ఏం తిన్నానో, ఏం చదివానో తెలియదు. ఇంకొకరి కథలో ఒక తండ్రి పాత్ర రెండుసార్లు చచ్చిపోతే పట్టుకోలేదు. తప్పు చేశానని మొదటిరోజే తెలుసు. కానీ మనసు ఊరుకుంటుందా, వకాల్తా పుచ్చుకుంది. పేరు రాయలేదుగా, లోకంలో ఎంతమంది అక్కలు అలా అనుకోరు, అక్కకైతే సంతోషం కూడా కలగొచ్చు, తన మాట అందరినీ కదిలిస్తోందని. ఆ చివరి వాదనకి నాకే సిగ్గేసింది.

గురువారం మధ్యాహ్నం వెళ్ళాను. అక్క ముందుగదిలో ఉంది. అమ్మ గదిలో మంచం అలాగే ఉంది, ఇప్పుడు దాని మీద ప్రూఫులు వరసగా పేర్చి ఉంటాయి. ఒక్కో కథకి ఒక్కో రబ్బరు బ్యాండు. అమ్మ తల ఉండేచోట మొదటి కథ ఉంది. కావాలని పెట్టిందా అంటే కాదు, వరసలో అక్కడికి వచ్చింది.

"కూర్చో," అంది అక్క. నీళ్ళిచ్చింది.

కథ తీసి చూశాను. మూడు ఎర్ర గుర్తులు, ఒక కామా, రెండు ఒత్తులు. ఏడో పేజీలో ఆ వాక్యం. దాని పక్కన సన్నగా, పెన్సిలుతో, గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది.

"? ఈమె ఇంతటితో ఆపిందా. అడగండి."

కాగితం దించాను.

"అక్కా..."

"అచ్చుతప్పులేమీ లేవు అందులో," అంది. "శుభ్రంగా ఉంది."

"అక్కా, నేను ఆయనకి ఉదాహరణకని..."

"ఉదాహరణా?" అక్క నవ్వింది. ఆ నవ్వు చూడలేకపోయాను. "సరే. ఉదాహరణే. నువ్వు ఎడిటరువి కదా, చెప్పు. ఆవిడ అంత మాట అంది. తర్వాత చెల్లెలు ఏమంది? ఇక్కడ చెల్లెలు కన్నీళ్ళు పెట్టుకుంది, సీను అయిపోయింది అని ఉంది. నిజంగా ఏమంది?"

నేను రబ్బరు బ్యాండు వేలికి చుట్టుకున్నాను.

"పోనీ, ఆ మాట తర్వాత నేనేమన్నాను? అదైనా గుర్తుందా?"

గుర్తుంది. ఇందాక మీకు ఏదో సర్దిచెప్పి వచ్చేశానని రాశాను. అది అబద్ధం. అక్క ఆ మాట అన్నాక కుళాయి కట్టేసింది. చేతులు తుడుచుకుని, నావైపు తిరిగి, "ఈ వారం ఒక్క రాత్రి నువ్వు పడుకుంటావా అమ్మ దగ్గర? ఒక్క రాత్రి తెల్లారేదాకా నిద్రపోతాను" అంది. నేను, "పుస్తకం ప్రెస్సుకెళ్ళాలక్కా, వచ్చేవారం చూద్దాం" అన్నాను. బ్యాగు తీసుకుని వెళ్ళిపోయాను. ఆ వచ్చేవారం రాలేదు. అక్క మళ్ళీ అడగలేదు. అమ్మ ఇంకో మూడేళ్ళు అలాగే ఉంది.

ఐదేళ్ళుగా ఆ సీనులో నా మాట కొట్టేసి చదువుకుంటున్నాను. అక్క మాట ఉంచాను, ఎందుకంటే అది బాగుంది. అక్క అడిగింది తీసేశాను, నేనన్నది తీసేశాను. కథ కుదించడంలో నన్ను మించినవాళ్ళు లేరని పెద్దాయన ఊరికే అనడు.

"నేనడిగినదానికి నువ్వు కాదన్నావని కాదే," అంది అక్క. "ఎవరి పనులు వాళ్ళకుంటాయి. అమ్మకి ఊపిరి ఆడుతుంటే ఏడుపొచ్చేదని లోకానికి చెప్పావు. ఎందుకొచ్చేదో చెప్పలేదు. నిద్రలేక వచ్చేది. ఇప్పుడు ఇది చదివినవాళ్ళు ఆ అక్కని ఎలాంటిదనుకుంటారు?"

"తీసేయిస్తాను," అన్నాను.

"అది నీ ఇష్టం. నాది ప్రూఫు చూడటం వరకే."

అక్కడ ఏడిస్తే బాగుండేదేమో. కళ్ళజోళ్ళాయన రెండో ప్రతిలో చెల్లెలిలా కాళ్ళ మీద పడినా సరిపోయేదేమో. దాన్ని చూసి ఎంత వెక్కిరించాను! రబ్బరు బ్యాండు మళ్ళీ వేసి, కట్ట పట్టుకుని మెట్లు దిగాను.

తిన్నగా కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళాను. ఒక ముసలాయన్ని గోడమీది అక్షరాలు చదవమంటున్నాడు. ఆయన వెళ్ళేదాకా బెంచీ మీద కూర్చున్నాను. గోడకి వేసిన కాగితం మీద అక్షరాలు పైనుంచి కిందకి చిన్నవవుతూ పోయాయి. నాకు ఆఖరి వరస కనబడలేదు.

నన్ను చూసి ఆయన మొహం వెలిగిపోయింది. టీ తెప్పిస్తానన్నాడు. వద్దని, ఉన్న సంగతి చెప్పాను. ఆ వాక్యం నేను పుట్టించింది కాదని, మా ఇంట్లో ఒకరు నమ్మి నాతో చెప్పుకున్న మాటని, దాన్ని నేను దొంగిలించి ఆయన కథలో పెట్టానని, తీసేయాలని.

ఆయన చేతిలోని అద్దాన్ని తుడుస్తూనే ఉన్నాడు. "అందరూ ఆ వాక్యమే బాగుందన్నారు మేడమ్."

"అవునండీ."

"మా ఆవిడ కూడా."

"తప్పు నాది" అన్నాను. ఆ మాట ఎంత చప్పగా ఉంటుందో అంతకుముందు తెలియదు.

"అయితే కథ వేయరా?"

ఆ ప్రశ్నకి నిజంగా గుండె చెరువైంది. ఇంత చేసినా ఆయన భయం అదొక్కటే. "వేస్తాం. మొదటి కథే అది. కానీ ఆ చోట మీ మాట కావాలి. మీరు మొదట రాసిందీ కాదు, రెండోసారి రాసిందీ కాదు, నేను రాసింది అసలే కాదు. నేను మిమ్మల్ని ఒక్కటీ సరిగ్గా అడగలేదు. ఇప్పుడు అడుగుతాను. ఆ నాలుగు పేజీల బస్సు ఎందుకు రాశారు?"

ఆయన చేతిలోని అద్దం బల్ల మీద పెట్టాడు. "ఆ చెల్లెలు నేనే మేడమ్," అన్నాడు. "అమ్మని చూసుకుంది మా అక్క. మగవాణ్ణి అలా రాసుకోవడానికి సిగ్గేసి చెల్లెల్ని చేశాను. బస్సంటారా... ఇంటికి చేరడం ఇష్టముండేది కాదు. ఒక స్టాపు ముందే దిగేసి నడుచుకుంటూ వెళ్ళేవాణ్ణి. ఇంకో పావుగంట ఆలస్యమవుతుందని."

నాలుగు పేజీల పొలాలూ మబ్బులూ అందుకన్నమాట. మొదలు నెమ్మదిగా ఉందని పట్టుకున్నాను, అది తప్పు కాదు. ఎందుకు నెమ్మదిగా ఉందో అడగలేదు. అడిగితే ఒక్క వాక్యంలో దొరికేది.

"అదే రాయండి," అన్నాను. "పొలాలొద్దు. ఒక స్టాపు ముందు దిగడంతో మొదలుపెట్టండి. సరే, తలుపు తీశాక మీ అక్క మొదట ఏమనేవారు?"

"ఏమీ అనేది కాదు. ఏదో ఒక పని చెప్పేది. ఎక్కువగా దుప్పటి పిండటం. అమ్మ దుప్పట్లు రోజూ ఉతకాలి కదా. తడిసిన దుప్పటి ఒక్కరివల్ల కాదు, రెండువైపులా పట్టుకుని మెలితిప్పాలి. నేను వెళ్ళే దాకా నానబెట్టి ఉంచేది."

"మీరేమనేవారు?"

"నాలుగింటికి బస్సక్కా, అనేవాణ్ణి. వెళ్ళగానే."

ఆ మాటకి నాకు బెంచీ మీద కూర్చోవడం కష్టమైంది. ఆయన మాత్రం లేచి, కళ్ళజోళ్ళ నంబర్లు రాసిచ్చే చీటీల పుస్తకం తీసి, వెనకవైపు రాయడం మొదలుపెట్టాడు. నేను ఒక్క అక్షరం చెప్పలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మధ్యలో ఇద్దరు గిరాకీలు వచ్చారు. రాసుకున్నాడు, కొట్టేసుకున్నాడు, నాలుగు చీటీలయ్యాయి.

"దుప్పటి పిండాలి. ఆ కొస పట్టుకో," అంది అక్క.

"నాలుగింటికి బస్సక్కా."

"తెలుసు. ఇంకా గట్టిగా తిప్పు. నీళ్ళు ఉండిపోతే ఆరదు."

"వచ్చేవారం ఇంకొంచెం ముందొస్తాను."

"ఇటు చూసి తిప్పు."

అంతే. ఆశ్చర్యార్థకం ఒక్కటి లేదు. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు, ఏమడుగుతున్నారో అంతా తెలుస్తోంది. నేను నెల్లాళ్ళు వెతికింది ఇదే. ఆయన దగ్గరే ఉంది, చీటీ మీద పట్టేంత.

పెద్దాయన మండిపడ్డాడు. వెనక అట్ట అప్పటికే తయారైంది. "ఇంత మంచి వాక్యం తీసేస్తావా? నీకు మతి పోయిందా అమ్మా?" అన్నాడు. "అది ఆయన వాక్యం కాదండీ, నాదీ కాదు. దొంగసొత్తు" అన్నాను. ఎవరిదని అడగలేదు. అట్ట మార్పించాడు. ఆ తర్వాత రెండు వారాలు నాతో పొడిపొడిగా మాట్లాడాడు. నాకు తగిన శాస్తే అది.

కొత్త ప్రూఫు అక్కకి నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను. ఆదివారం మధ్యాహ్నం తీసుకోవడానికి మళ్ళీ వెళ్ళాను. చేతిలో పళ్ళు లేవు. ఏం పట్టుకెళ్ళాలో తోచక ఊరికే వెళ్ళాను.

అక్క కట్ట తెచ్చి ఇచ్చింది. ఏడో పేజీ తీశాను. పెన్సిలు గీత ఒక్కటి లేదు. దుప్పటి దగ్గర ఎర్రసిరాతో ఒక ఫుల్‌స్టాపు పెట్టింది, అది ముద్రలో పడలేదు.

"చదివావా?"

"చదివాను."

"ఎలా ఉంది?"

"బాగుంది," అంది అక్క. "వాళ్ళ అక్కకి చూపించాడా ఆయన?"

"తెలీదు. అడగలేదు."

"అడుగు," అంది.

లోపలికెళ్ళి టీ పెట్టింది. తాగుతావా అనలేదు, తెచ్చి ముందు పెట్టింది. ఇద్దరం తాగాం. చక్కెర సరిపోయింది. మాట్లాడటానికి ఏదైనా దొరుకుతుందేమోనని గది అంతా చూశాను. క్షమించమని అడగడానికి నోరు తెరిచి రెండుసార్లు మూశాను. రాతలో ఎవరైనా ఆ మాట వాడితే కొట్టేస్తాను, అంత అరిగిపోయిన మాట. ఎదురుగా అనాల్సి వచ్చేసరికి అది తప్ప ఇంకోటి లేదు.

"అక్కా, నన్ను క్షమించవే," అన్నాను.

అక్క గ్లాసులు తీసుకుని లేచింది. "బావ బుధవారం గానీ రాడు," అంది, దేనికీ సంబంధం లేకుండా. వంటింట్లో కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది, వెంటనే కట్టేసింది. అంత చిన్న పనికి అన్ని నీళ్ళు అక్కర్లేదు.

గుమ్మం దాకా వచ్చి ఆగాను. అమ్మ గది తలుపు తెరిచే ఉంది. మంచం మీద ప్రూఫులన్నీ తీసేసి ఉన్నాయి, పరుపు మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది.

"ఇవాళ రాత్రికి ఇక్కడే ఉంటానక్కా," అన్నాను.

అక్క నన్ను చూసింది. ఆ మొహంలో కోపం కోసం వెతికాను, దొరకలేదు. ఉండుంటే ఎంత బాగుండేది.

"ఎందుకు?" అంది. "ఇప్పుడు ఎవరున్నారని?"

టీ తాగిన చోట నేను మరిచిపోయిన కట్ట తెచ్చి నా చేతిలో పెట్టి, నేను చెప్పులు వేసుకునేదాకా తలుపు పట్టుకుని నిలబడింది.